అద్దె ఆపేసి ఇల్లు వదలని కిరాయిదారుకు నోటీసు: తేదీలు, లెక్కలు, తర్వాత జరిగే పొరపాట్లు

కిరాయిదారు అద్దె ఇవ్వడం మానేసి ఇల్లూ ఖాళీ చేయకపోతే యజమానికి ముందుగా వచ్చేది కోపం. ఆ కోపంలో రాయించిన నోటీసులు ఒకే తీరుగా ఉంటాయి. క్రిమినల్ కేసు పెడతాం, సామాను బయట పడేస్తాం, పరువు పోతుంది అంటూ రెండు పేజీలు నిండిపోతాయి. అద్దె ఎప్పటి నుంచి ఆగింది, మొత్తం బకాయి ఎంత, కిరాయిదారీ ఏ రోజుతో ముగుస్తుంది అన్నవి మాత్రం ఎక్కడో ఒక మూల, అదీ తప్పుగా ఉంటాయి. రేపు కోర్టుకు వెళితే జడ్జి చూసేది ఆ మూలనున్న వాక్యాలనే. నోటీసు కిరాయిదారును భయపెట్టే కాగితమని చాలామంది అనుకుంటారు కానీ, నిజానికి అది దావాకు పునాది. దానిలో తప్పు పడితే పైన కట్టినదంతా కదులుతుంది.

ఈ వ్యాసంలోని లెక్క హైదరాబాద్‌లోని మామూలు అద్దె ఇంటిది. ఆంధ్రప్రదేశ్‌లోని ఇంటికైతే అక్కడి అద్దె చట్టాన్ని విడిగా చూసుకోవాలి.

ముందు తేల్చుకోవాల్సింది ఏ చట్టం వర్తిస్తుందన్నది. 1960 నాటి భవనాల అద్దె నియంత్రణ చట్టం తెలంగాణలో ఇంకా ఉంది. అయితే 2005 సవరణ తర్వాత కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 రూపాయలు, ఇతర చోట్ల 2,000 రూపాయలు దాటిన అద్దెలు దాని కిందికి రావు. కట్టి 15 ఏళ్లు నిండని భవనాలూ రావు. కాబట్టి ఇవాళ నగరంలో ఫ్లాటు అద్దెకిచ్చిన దాదాపు ప్రతి యజమానీ రెంట్ కంట్రోలర్ దగ్గరికి కాక సివిల్ కోర్టుకే వెళ్లాలి. వర్తించేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, అందులోని సెక్షన్ 106. పాతబస్తీలో తరతరాలుగా తక్కువ అద్దెకు ఉన్న మలిగీల సంగతి వేరు. వాటికి అద్దె నియంత్రణ చట్టమే దారి. ఆ చట్టం కింద ఖాళీ చేయించడానికి సెక్షన్ 106 నోటీసు అవసరం లేదని 1979లో ధనపాల్ చెట్టియార్ కేసులో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది.

సెక్షన్ 106 ప్రకారం నెలవారీ కిరాయిదారీని 15 రోజుల నోటీసుతో ముగించవచ్చు. 2002 చివర్లో వచ్చిన సవరణ యజమానులకు పెద్ద ఊరట. అంతకు ముందు నోటీసు గడువు కిరాయి నెల ఆఖరు రోజుతోనే ముగియాలన్న నియమం ఉండేది. ఒక్కరోజు అటూ ఇటూ అయినా దావా కొట్టేసేవారు. ఇప్పుడు ఆ నియమం లేదు. గడువును నోటీసు అందిన రోజు నుంచి లెక్కిస్తారు. నోటీసులో రాసిన గడువు తక్కువైనా, చట్టం చెప్పిన గడువు పూర్తయ్యాకే దావా వేస్తే నోటీసు చెల్లుతుంది. అయితే ఈ 15 రోజుల లెక్క, ఒప్పందంలో వేరే మాట లేనప్పుడే. అద్దె ఒప్పందంలో ఒక నెల నోటీసు అనో రెండు నెలలనో రాసి ఉంటే ఆ మాటే నిలుస్తుంది. నోటీసు రాయడానికి కూర్చునే ముందు పాత ఒప్పందాన్ని తీసి ఆ ఒక్క షరతు చదవడం మరిచిపోయేవాళ్లు ఎంతమందో.

ఇక్కడే ఇంకో చిక్కుంది. ఒప్పందం గడువు ఇంకా నడుస్తుండగా అద్దె ఆగితే సెక్షన్ 106 నోటీసు పని చేయదు. మూడేళ్లకు రిజిస్టరైన లీజులో రెండో ఏడు అద్దె ఆగిందనుకుందాం. అద్దె ఇన్ని నెలలు కట్టకపోతే లీజు రద్దవుతుంది, యజమాని స్వాధీనం తీసుకోవచ్చు అన్న షరతు అందులో ఉండాలి. ఆ షరతును ఉటంకిస్తూ సెక్షన్ 111(జి) కింద లీజును రద్దు చేస్తున్నామని రాతపూర్వకంగా చెప్పాలి. అప్పుడు కూడా దావా విచారణలో కిరాయిదారు బకాయి, వడ్డీ, ఖర్చులు కట్టేస్తే లీజును నిలబెట్టే అధికారం సెక్షన్ 114 కోర్టుకు ఇచ్చింది. నగరంలో ఎక్కువ ఇళ్లది ఈ పరిస్థితి కాదు. 11 నెలల కాగితం ఎప్పుడో అయిపోయి ఉంటుంది, మనిషి అలాగే ఉంటాడు, యజమాని అద్దె తీసుకుంటూనే ఉంటాడు. సెక్షన్ 116 దీన్ని నెలవారీ కిరాయిదారీగా చూస్తుంది. దానికి సెక్షన్ 106 నోటీసు సరిపోతుంది.

ఊహించిన లెక్క ఒకటి తీసుకుందాం. ఉప్పల్ వైపు ఒక రెండు పడక గదుల ఫ్లాటు. ఒప్పందం 2024 జూన్ 1 నుంచి 11 నెలలు, అంటే 2025 ఏప్రిల్ 30 దాకా. అద్దె 18,000. ఏ నెల అద్దె ఆ మరుసటి నెల 5వ తేదీలోగా ఇవ్వాలి. అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ 2,000 కిరాయిదారే కట్టాలి. అడ్వాన్సు మూడు నెలలది, 54,000. ఒప్పందంలో ఒక నెల నోటీసు షరతు ఉంది. ఏప్రిల్ తర్వాత కొత్త కాగితం లేదు, అద్దె మాత్రం 2025 ఆగస్టు నెలది దాకా వచ్చింది. సెప్టెంబరు నుంచి ఆగిపోయింది. మధ్యలో డిసెంబరులో ఒకసారి ఫోన్‌పేలో 10,000 వేశాడు. మెయింటెనెన్స్ అసోసియేషన్‌కు యజమానే కడుతూ వచ్చాడు. 2026 ఫిబ్రవరి 9న నోటీసు పంపుతున్నారు.

బకాయి లెక్క నెల నెలా విడిగా చూపాలి. సెప్టెంబరు నుంచి జనవరి దాకా ఐదు నెలలు, నెలకు 18,000 చొప్పున 90,000. అందులో డిసెంబరులో వచ్చిన 10,000 తీసేస్తే 80,000. మెయింటెనెన్స్ ఐదు నెలలది 10,000. మొత్తం 90,000. ఆ 10,000 వచ్చిన సంగతి దాచిపెట్టి లక్ష రూపాయల బకాయి అని రాస్తే కిరాయిదారు బ్యాంకు స్టేట్‌మెంటు పెట్టి మొదటి దెబ్బ కొడతాడు. తర్వాత యజమాని చెప్పే ప్రతి అంకెనూ కోర్టు అనుమానంతో చూస్తుంది. ఫిబ్రవరి అద్దె మార్చి 5 దాకా బాకీ పడదు కాబట్టి దాన్ని బకాయిలో కలపకూడదు. పాత బకాయిలు ఉంటే ఇంకో హద్దుంది. ఒక్కో నెల అద్దె బాకీ పడిన రోజు నుంచి మూడేళ్లలోపే దానికి దావా వేయాలి. మొహమాటానికి ఐదేళ్లు ఊరుకున్నవాళ్లు మొదటి రెండేళ్ల సొమ్ము వదులుకోవాల్సిందే.

అడ్వాన్సు గురించి మౌనంగా ఉండటం ఇంకో పొరపాటు. జవాబు నోటీసుల్లో తరచూ వచ్చే మాట, "నా అడ్వాన్సు మీ దగ్గరే ఉంది, అందులో పట్టుకోండి" అని. ముందే రాసేయాలి: అడ్వాన్సు 54,000 యజమాని దగ్గర ఉంది, ఇల్లు అప్పగించిన రోజున మరమ్మతులు, కరెంటు బిల్లు, అద్దె బాకీ చూసుకుని లెక్క తేలుస్తారు, నెలనెలా ఇవ్వాల్సిన అద్దెకు అది బదులు కాదు.

వడ్డీ సంగతీ అంతే. ఒప్పందంలో వడ్డీ షరతు ఉంటే ఆ రేటు రాయాలి. లేకపోతే 1978 నాటి వడ్డీ చట్టం ఒక వెసులుబాటు ఇస్తుంది. బాకీ కట్టకపోతే వడ్డీ అడుగుతామని రాతపూర్వకంగా తెలియజేస్తే, ఆ నోటీసులో చెప్పిన తేదీ నుంచి కోర్టు వడ్డీ ఇవ్వగలదు. ఆ ఒక్క వాక్యం నోటీసులో లేకపోతే దావా వేసేనాటికి ముందున్న కాలానికి వడ్డీ అడగడం కష్టమవుతుంది.

ఇక అసలు వాక్యం. నోటీసులన్నిటిలో ఎక్కువ నష్టం చేసేది ఇది: "15 రోజుల్లో బకాయి చెల్లించండి, లేనిపక్షంలో ఇల్లు ఖాళీ చేయండి." వినడానికి బాగుంటుంది. కానీ ఇందులో కిరాయిదారీ ముగిసిందా లేదా అన్నది తేలదు. 14వ రోజున డబ్బు కడితే కొనసాగించమన్నట్టే కదా అని కిరాయిదారు అంటాడు. కట్టకపోయినా అది హెచ్చరికే తప్ప ముగింపు కాదని అతని వకీలు వాదిస్తాడు. అందుకే నోటీసు రాయించే ముందు యజమాని తనలో తాను తేల్చుకోవాలి, కావాల్సింది డబ్బా, ఇల్లా అని. డబ్బు వస్తే చాలు, మనిషి ఉండొచ్చు అనుకుంటే బకాయి నోటీసు ఒక్కటే పంపాలి, ఖాళీ మాట ఎత్తకూడదు. ఇల్లే కావాలనుకుంటే రెండు విషయాలనూ విడదీసి, ఒకదాని మీద ఒకటి ఆధారపడకుండా రాయాలి. ఈ ఉదాహరణలో ఆ భాగం ఇలా ఉంటుంది:

"మీ నెలవారీ కిరాయిదారీని ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 కింద ఈ నోటీసు ద్వారా ముగిస్తున్నాము. ఈ నోటీసు మీకు అందిన రోజు నుంచి 30 రోజులు పూర్తికాగానే మీ కిరాయిదారీ ముగుస్తుంది. ఆ గడువు ముగిసేలోగా ఇంటిని ఖాళీ చేసి స్వాధీనం అప్పగించవలెను. పైన చూపిన బకాయి 90,000 రూపాయలను ఈ నోటీసు అందిన 15 రోజుల్లో వేరుగా చెల్లించవలెను. బకాయి చెల్లించినంత మాత్రాన కిరాయిదారీ ముగింపు రద్దు కాదు. కిరాయిదారీ ముగిసిన తర్వాత ఇంట్లో ఉంటే ఆ కాలానికి నెలకు 22,000 రూపాయల చొప్పున నష్టపరిహారం చెల్లించవలసి ఉంటుంది."

చట్టం 15 రోజులే అడిగినా ఇక్కడ 30 రాశారు. ఒప్పందం గడువు తీరాక కూడా పాత షరతులే నడుస్తున్నాయని కిరాయిదారు అనవచ్చు. ఆ ఒక నెల షరతు వర్తిస్తుందో లేదో అన్న వాదనలో ఏడాది పోగొట్టుకోవడం కన్నా 15 రోజులు ఎక్కువ ఇవ్వడం మేలు. చివర ఉన్న 22,000 ఆ వీధిలో అలాంటి ఫ్లాటుకు ఇప్పుడు పలికే అద్దె. కిరాయిదారీ ముగిశాక వచ్చే సొమ్మును అద్దె అనరు, మెస్నే ప్రాఫిట్స్ అంటారు, అంటే హక్కు లేకుండా వాడుకున్నందుకు ఇచ్చే పరిహారం. దానికి పాత అద్దె కొలత కానక్కర్లేదు, మార్కెట్ ధర అడగవచ్చు. చుట్టుపక్కల ఒకటి రెండు అద్దె ఒప్పందాల నకళ్లు ఉంటే ఆ అంకె నిలుస్తుంది. లేకుంటే అది ఉత్త మాట.

నోటీసు వకీలే పంపాలని చట్టంలో లేదు. రాతపూర్వకంగా ఉండాలి, యజమాని గానీ ఆయన తరఫున అధికారం ఉన్నవారు గానీ సంతకం చేయాలి. కిరాయిదారుకు ఇంగ్లీషు రాకపోతే తెలుగులోనే రాయడం మంచిది, అర్థం కాలేదన్న సాకు ఉండదు. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి ఇక్కడి ఇల్లు అద్దెకిచ్చిన వాళ్లకు ఈ సంతకమే పెద్ద సమస్య. తమ్ముడో బావమరిదో నోటీసు ఇస్తే, ఆయనకు జి.పి.ఎ. అనే అధికార పత్రం ఉండాలి, అందులో కిరాయిదారీ ముగించే అధికారమూ దావా వేసే అధికారమూ స్పష్టంగా రాసి ఉండాలి. విదేశంలో రాసిన జి.పి.ఎ. ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఆ గడువు దాటిపోయిన జి.పి.ఎ.తో నోటీసు ఇస్తే కిరాయిదారు వకీలు ఆ కాగితంతోనే మొదలుపెడతాడు.

పంపడం దగ్గర కూడా మారినవి ఉన్నాయి. తపాలా శాఖ 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేసింది. అందుకని కౌంటరులో ఉత్తి స్పీడ్ పోస్టు కాకుండా, చిరునామాదారుకే అందించే రిజిస్ట్రేషన్ సదుపాయమూ, అందినట్టు రుజువూ కోరాలి. రసీదు భద్రపరచాలి. ట్రాకింగ్ పేజీ కొంతకాలం తర్వాత కనిపించదు, కాబట్టి బట్వాడా అయిన రోజే దాన్ని ప్రింటు తీసి పెట్టుకోవాలి. వాట్సాప్‌లోనూ నోటీసు నకలు పంపవచ్చు, కానీ అది పోస్టుకు తోడే తప్ప బదులు కాదు.

కవరు తిరిగొస్తే కంగారు పడక్కర్లేదు, చించకూడదు. సరైన చిరునామాకు, పోస్టేజీ కట్టి రిజిస్టర్డ్‌గా పంపిన ఉత్తరం అందినట్టే అన్న ఊహ 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం సెక్షన్ 27లో ఉంది. పోస్ట్‌మాన్ "తీసుకోలేదు" అని రాస్తే అది మామూలుగా అందినదాని కిందే లెక్క. "తలుపు తాళం", "ఇంట్లో లేరు" అన్న రాతలు వస్తే ఇంకో అడుగు వేయాలి. సెక్షన్ 106 నోటీసును స్వయంగా ఇవ్వడానికి, ఆ ఇంట్లో కుటుంబ సభ్యులకు గానీ పనివారికి గానీ ఇవ్వడానికి ఒప్పుకుంటుంది. ఇవి కుదరకపోతే ఇంటికి బాగా కనిపించే చోట అంటించవచ్చు. తలుపుకు అంటించేటప్పుడు ఇద్దరు పొరుగువారు సాక్షులుగా సంతకం చేయాలి, తేదీ కనిపించేలా ఫొటో తీయాలి. చిరునామాలో ఫ్లాటు నంబరు తప్పు పడిన కవరుకు మాత్రం ఈ ఊహలేవీ వర్తించవు.

ఉదాహరణలో కవరు ఫిబ్రవరి 12 గురువారం అందింది. అందిన రోజును వదిలేసి 13 నుంచి లెక్కపెడితే 30వ రోజు మార్చి 14. మార్చి 15 ఆదివారం. కాబట్టి దావా మార్చి 16 సోమవారం లేదా ఆ తర్వాత వేయాలి.

నోటీసు పోయాక, గడువు ముగిశాక యజమానులు తమ చేతులతోనే దాన్ని పాడుచేసుకునే తీరు చూస్తే బాధ కలుగుతుంది. మార్చి 20న కిరాయిదారు ఫోన్‌పేలో 18,000 వేసి, "మార్చి రెంట్" అని రాస్తాడు. యజమాని చూసి, వచ్చిందే చాలులే అని ఊరుకుంటాడు, లేదా "ఓకే, థాంక్స్" అని పెడతాడు. నోటీసు గడువు తర్వాత కాలానికి అద్దె తీసుకోవడం నోటీసును వదులుకోవడమే అన్న వాదన సెక్షన్ 113 నుంచి పుడుతుంది. డబ్బు తీసుకున్నంత మాత్రాన నోటీసు పోదని, కొనసాగించే ఉద్దేశం ఉందా అన్నదే చూడాలని సుప్రీంకోర్టు 2006లో సరూప్ సింగ్ గుప్తా కేసులో చెప్పింది. ఆ ఉద్దేశం లేదని చూపించేది కాగితమే. యూపీఐలో వచ్చిన సొమ్మును వద్దనడం కుదరదు, కాబట్టి ఆ రోజే ఒక మెసేజ్ పంపాలి: "ఈ రోజు మీరు పంపిన 18,000 రూపాయలను అద్దెగా కాక, ఇల్లు వాడుకున్నందుకు ఇవ్వాల్సిన నష్టపరిహారం కింద జమ చేసుకున్నాము. మీ కిరాయిదారీ 14.03.2026తో ముగిసింది. ఈ సొమ్ము తీసుకోవడం దాన్ని కొనసాగించినట్టు కాదు." అద్దె రసీదు ఇవ్వకూడదు, అద్దె పెంచి కొత్త మాట మాట్లాడకూడదు. ఇంకో రెండు నెలల గడువు ఇవ్వాలనిపిస్తే ఇవ్వొచ్చు, కానీ దాన్ని కిరాయిదారీ పొడిగింపుగా కాక ఖాళీ చేయడానికి ఇచ్చిన సమయంగా రాసి, కిరాయిదారు సంతకం తీసుకోవాలి.

రెండో తప్పు ఇంకా ప్రమాదకరం. నీళ్లు ఆపడం, మీటరు ఫ్యూజు తీయడం, అతను ఊరెళ్లినప్పుడు తాళం మార్చడం. కిరాయిదారీ ముగిసినా స్వాధీనంలో ఉన్న మనిషిని చట్టం ప్రకారమే ఖాళీ చేయించాలి. బలవంతంగా గెంటేస్తే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద ఆరు నెలల్లో దావా వేసి, ఇల్లు ఎవరిదన్న ప్రశ్నతో పని లేకుండానే తిరిగి స్వాధీనం పొందగలడు. అంతవరకు అద్దె ఎగ్గొట్టిన మనిషిగా ఉన్నవాడు ఒక్క రాత్రిలో బాధితుడైపోతాడు. పోలీసులు కూడా బకాయి విషయంలో ఇది సివిల్ తగాదా అని పంపిస్తారు, తాళం పగలగొట్టిన విషయంలో మాత్రం ఫిర్యాదు తీసుకుంటారు.

జవాబు నోటీసు వస్తే జాగ్రత్తగా చదవాలి. అద్దె నగదుగా ఇచ్చాననడం మామూలే, రసీదు చూపమంటే సరిపోతుంది. ఈ ఫ్లాటు కొనడానికి నోటిమాట ఒప్పందమైంది, ఐదు లక్షలు అడ్వాన్సు ఇచ్చాను అన్న కొత్త కథ మొలిస్తే మాత్రం వెంటనే తిరుగు జవాబు ఇచ్చి ఖండించాలి. నెలల తరబడి మౌనంగా ఉంటే ఆ మౌనాన్నే సాక్ష్యంగా చూపిస్తారు. ఆ జవాబులోనే యజమానికి పనికొచ్చే ఒప్పుకోళ్లు కూడా ఉంటాయి. నేను కిరాయిదారునే, అద్దె 18,000 అని రాశాడంటే ఆ రెండూ తేలిపోయినట్టే. ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో చేర్చిన ఆర్డర్ 15-ఎ కింద, ఒప్పుకున్న అద్దె బకాయిని కోర్టులో కట్టమనీ నెలనెలా జమ చేయమనీ అడగవచ్చు. కట్టకపోతే అతని వాదన కొట్టేసే వీలుంది. నెలలు గడిపితే చాలు అనుకునే కిరాయిదారుకు గట్టిగా తగిలేది ఇదే.

కోర్టు ఫీజు చూసి భయపడేవాళ్లున్నారు. ఫ్లాటు విలువ మీద కాదు, దావా వేసే ముందు ఏడాది అద్దె మీద లెక్కిస్తారు. ఇక్కడ 18,000ను పన్నెండుతో గుణిస్తే 2,16,000, స్వాధీనం కోరినందుకు ఫీజు దాని మీదే. బకాయి సొమ్ముకు వేరుగా కట్టాలి.

నోటీసు అందాక చాలామంది కోర్టు దాకా రాకుండానే వెళ్లిపోతారు. ఉదాహరణలోని కిరాయిదారు ఫిబ్రవరి 28న సామాను సర్దుకుని తాళాలు ఇస్తానన్నాడనుకుందాం. బకాయి 90,000, ఫిబ్రవరి అద్దె మెయింటెనెన్స్ కలిపి 20,000, మొత్తం 1,10,000. అడ్వాన్సు 54,000 పోగా ఇంకా 56,000 రావాలి. తాళాలు తీసుకోనని మొండికేయకూడదు, ఖాళీ చేస్తానన్నా యజమానే తీసుకోలేదని తర్వాత అంటాడు. తాళాలు తీసుకుని రెండు ప్రతుల్లో రసీదు రాయాలి. ఏ రోజు, ఏ గంటకు, ఎన్ని తాళాలు, కరెంటు మీటరు రీడింగు ఎంత, గోడలూ నల్లాలూ ఎలా ఉన్నాయి, అడ్వాన్సు జమ చేసుకున్నాక 56,000 బాకీ నిలిచి ఉంది, అది మాఫీ చేయలేదు అని రాసి ఇద్దరూ సంతకం చేయాలి.